Schedule FA ఎలా నింపాలి: అమెరికాలో ఒక బ్యాంకు ఖాతా, రెండు విడతల షేర్లు

2025 నవంబరు చివర్లో మా బావమరిది ఫోన్ చేశాడు. ఆదాయపు పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చిందట. విదేశాల్లో మీకు ఆస్తులున్నట్టు సమాచారం ఉంది, రిటర్నులో కనపడలేదు, డిసెంబరు 31 లోపు సరిచూసుకోండి అని దాని సారాంశం. "నాకు విదేశాల్లో ఆస్తులేంటి బావా, సొంతూళ్లోనే సెంటు భూమి లేదు" అన్నాడు. వాడు 2016 నుంచి 2019 దాకా కంపెనీ పంపితే డాలస్‌లో ఉండి వచ్చాడు. అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతా ఇప్పటికీ మూయలేదు. హైదరాబాద్‌లో ఇప్పుడు చేస్తున్న కంపెనీ అమెరికాది, ఏటా ఫిబ్రవరిలో ఆర్‌ఎస్‌యూలు, అంటే జీతంలో భాగంగా తన సొంత షేర్లు, ఇస్తుంది. ఈ రెండూ విదేశీ ఆస్తులే.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని రిటర్ను సవరించాం. ఏ గడిలో ఏం రాయాలో, ఎక్కడ తప్పటడుగు వేశామో అదే వరసలో చెబుతాను. అంకెలన్నీ 2025-26 అసెస్‌మెంట్ ఏడాదివి. మీది తర్వాతి ఏడాదైతే తేదీలన్నీ ఒక్క ఏడాది ముందుకు జరుపుకోండి.

ముందు: ఈ షెడ్యూల్ మీకు వర్తిస్తుందా?

Schedule FA అంటే రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే భాగం. దాన్ని నింపాల్సింది "రెసిడెంట్ అండ్ ఆర్డినరీలీ రెసిడెంట్" హోదా ఉన్నవాళ్లు మాత్రమే. ఎన్నారైలకు అక్కర్లేదు. తిరిగొచ్చిన కొత్తలో కొందరికి ఉండే "నాట్ ఆర్డినరీలీ రెసిడెంట్" హోదాలోనూ అక్కర్లేదు. ఆ మధ్య హోదా రావాలంటే, గత 10 ఆర్థిక సంవత్సరాల్లో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉండాలి, లేదా గత 7 ఏళ్లలో ఇండియాలో గడిపినది 729 రోజులు మించకూడదు. పదీ పన్నెండేళ్లు అమెరికాలో ఉండి వచ్చినవాళ్లకు ఇది రెండు మూడేళ్లు దొరుకుతుంది. మా వాడిలా మూడేళ్లు ఉండి వచ్చినవాడికి దొరకదు, వచ్చిన ఏడాదే పూర్తి రెసిడెంట్ అయిపోతాడు. ఈ తేడా తెలియక "నేను కూడా అమెరికా నుంచే వచ్చాగా" అనుకునేవాళ్లు చాలామంది.

హోదా తేలాక ఆస్తి విలువ ఎంతన్నది ప్రశ్న కాదు. ఖాతాలో పది డాలర్లున్నా రాయాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఒక సడలింపు వచ్చింది: స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షల రూపాయలు మించకపోతే, చూపనందుకు నల్లధనం చట్టం కింద వేసే 10 లక్షల జరిమానా వెయ్యరు. ఇది జరిమానా నుంచి మినహాయింపే కానీ ఫారం నింపడం నుంచి మినహాయింపు కాదు.

మీ దగ్గరున్నది ఇండియన్ మ్యూచువల్ ఫండే అయితే, అది అమెరికా షేర్లలో పెట్టుబడి పెడుతున్నా, విదేశీ ఆస్తి కాదు. ఇంకా వెస్ట్ కాని, అంటే చేతికి రాని ఆర్‌ఎస్‌యూలు కూడా రాయక్కర్లేదు, అవింకా మీవి కావు.

ఫారం ఎంపికలోనే మొదటి తప్పు

మా వాడు చేసిన పొరపాటు ఇక్కడే. కిందటేడు షేర్లు అమ్మాడు కాబట్టి ఆడిటర్ దగ్గరికెళ్లి ITR-2 వేయించుకున్నాడు. ఈ ఏడు అమ్మకాలేం లేవని, జీతం ఒక్కటే కదా అని, తనే పోర్టల్‌లో ITR-1 వేసేశాడు. ITR-1లో, ITR-4లో Schedule FA అసలుండదు. విదేశాల్లో ఏ చిన్న ఆస్తి ఉన్నా ITR-2 వెయ్యాలి, వ్యాపారమో వృత్తి ఆదాయమో ఉంటే ITR-3. సవరించేటప్పుడు ఫారం మార్చుకోవచ్చు కాబట్టి ITR-1 స్థానంలో ITR-2తో రివైజ్డ్ రిటర్ను మొదలుపెట్టాం.

ITR-2 తెరిచాక షెడ్యూళ్ల జాబితాలో Schedule FA, విదేశీ ఆదాయం చూపే Schedule FSI, అక్కడ కట్టిన పన్ను ఇక్కడ తగ్గించుకునే Schedule TR మూడూ టిక్ పెట్టుకోండి. Part B-TTI చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది: ఇండియా బయట మీకు ఆస్తి గానీ, సంతకం చేసే అధికారమున్న ఖాతా గానీ, ఆదాయం గానీ ఉందా అని. దానికి Yes పెట్టాలి. షెడ్యూల్ నింపి ఇక్కడ No వదిలేస్తే మీ రిటర్నులో ఒక చోట చెప్పింది ఇంకో చోట కాదన్నట్టు అవుతుంది.

ఏ ఏడాది?

ఇక్కడే అందరూ తడబడతారు. రిటర్నంతా ఏప్రిల్ నుంచి మార్చి లెక్క. Schedule FA మాత్రం జనవరి నుంచి డిసెంబరు లెక్క. 2025-26 అసెస్‌మెంట్ ఏడాదికి ఆదాయం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చూపిస్తాం, Schedule FAలో మాత్రం 2024 జనవరి 1 నుంచి డిసెంబరు 31 మధ్య ఒక్కరోజున్నా ఉన్న ఆస్తి ఏదైనా రాస్తాం.

దీంతో ఏమవుతుందో మా వాడి కాగితాల్లోనే కనిపించింది. 2024 మార్చి 20న 16 షేర్లు అమ్మాడు. ఆ లాభం 2023-24 ఆర్థిక సంవత్సరానిది కాబట్టి పన్ను కిందటి రిటర్నులోనే కట్టేశాడు. కానీ అమ్మకం 2024 క్యాలెండర్ ఏడాదిలో జరిగింది కాబట్టి Schedule FAలో ఈ రిటర్నులో కనపడాలి. "పన్ను కట్టేసింది మళ్లీ ఎందుకు రాస్తాం" అని వాడి పేచీ. ఇది పన్ను లెక్క కాదు, ఆస్తి చిట్టా. Schedule FAలో రాసిన అంకెల మీద పోర్టల్ పన్ను వెయ్యదు. తలకిందులుగా ఇంకోటి: 2025 ఫిబ్రవరిలో వెస్ట్ అయిన మూడో విడత షేర్ల విలువ ఈ ఏటి ఫారం 16లో జీతంగా ఉంది, Schedule FAలో మాత్రం అది వచ్చే ఏడాదికే వస్తుంది.

ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే. అందుకే పని మొదలుపెట్టకముందే బ్యాంకు నుంచీ బ్రోకర్ నుంచీ 2024 జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు దించుకోండి. మార్చితో ముగిసే స్టేట్‌మెంటు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

డాలర్‌ను రూపాయి చేయడం

ఫారం సూచనల ప్రకారం వాడాల్సింది స్టేట్ బ్యాంక్ వారి టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ బయింగ్ రేటు. దీన్నే టీటీ బయింగ్ రేటు అంటారు. గూగుల్‌లో కనిపించే రేటు కాదు, మీకు డబ్బు పంపిన యాప్ ఇచ్చిన రేటూ కాదు. స్టేట్ బ్యాంక్ రోజూ విడుదల చేసే ఫారెక్స్ కార్డు రేట్ల పత్రంలో TT BUY అన్న వరసలో ఉంటుంది. ఏ తేదీ రేటు అంటే: గరిష్ఠ నిల్వకు ఆ నిల్వ ఉన్న రోజు, పెట్టుబడికి షేర్లు చేతికొచ్చిన రోజు, ముగింపు విలువకు డిసెంబరు 31. ఆ రోజు సెలవైతే అంతకుముందు దొరికిన రోజు రేటు తీసుకుంటారు.

కింది లెక్కల్లో మీకు తేలిగ్గా ఉండాలని గుండ్రటి రేట్లు వేస్తున్నాను: 2023 ఫిబ్రవరికి 82, 2024 ఫిబ్రవరి, మార్చిలకు 83, ఆ తర్వాత డిసెంబరు డివిడెండు దాకా 84, డిసెంబరు 31కి 85. మీరు మాత్రం పైసలతో సహా అసలు రేటే వెయ్యాలి.

A1: బ్యాంకు ఖాతా

A1 పట్టిక డిపాజిటరీ ఖాతాలది, అంటే మామూలు బ్యాంకు ఖాతాలు. దేశం, బ్యాంకు పేరు, చిరునామా, జిప్ కోడ్, ఖాతా నంబరు, మీ హోదా, ఖాతా తెరిచిన తేదీ అడుగుతుంది. హోదా దగ్గర మీ పేరు మీదున్న ఖాతా అయితే Owner. ఖాతా తెరిచిన తేదీ చాలామందికి గుర్తుండదు. మా వాడు పాత ఈమెయిళ్లు తవ్వి, బ్యాంకు పంపిన స్వాగతం మెయిల్ పట్టుకున్నాడు: 2016 సెప్టెంబరు 12.

తర్వాత మూడు అంకెలు. ఏడాది మొదట్లో ఖాతాలో 2,310 డాలర్లున్నాయి. మార్చి 20న అమ్మిన షేర్ల డబ్బు 3,000 డాలర్లు 26న ఖాతాలో పడింది. మధ్యలో వచ్చిన 2 డాలర్ల వడ్డీ కలిపి ఆ రోజు నిల్వ 5,312. అదే ఏడాది మొత్తంలో గరిష్ఠం. ఏప్రిల్‌లో 4,000 ఇంటికి పంపాడు. డిసెంబరు 31న మిగిలింది 1,315. ఏడాది మొత్తం వడ్డీ 5 డాలర్లు.

గరిష్ఠ నిల్వ: 5,312 × 83 = 4,40,896 రూపాయలు.
ముగింపు నిల్వ: 1,315 × 85 = 1,11,775 రూపాయలు.
వడ్డీ: 5 × 85 = 425 రూపాయలు.

వడ్డీకి నేను ముగింపు రోజు రేటు వేశాను. "ఐదు డాలర్లు కూడానా" అని నవ్వకండి. ఆ 425 రూపాయల గడి ఖాళీగా వదిలితే, అవతల బ్యాంకు తమ ప్రభుత్వానికి చెప్పిన వడ్డీకీ మీ రిటర్నుకీ పొంతన ఉండదు. అసలు మెసేజ్ రావడానికి కారణమే ఈ సమాచార మార్పిడి. అమెరికాతో ఫాట్కా ఒప్పందం 2015లో కుదిరింది. మిగతా చాలా దేశాల నుంచి సీఆర్‌ఎస్ అనే ఏర్పాటు ద్వారా సమాచారం వస్తుంది.

A3: షేర్లు

అసలు కష్టం ఇక్కడుంది. A3 పట్టిక ఈక్విటీ, అప్పు పత్రాలది. ఇందులో రాయాల్సింది బ్రోకర్ పేరు కాదు, ఎవరి షేర్లో ఆ కంపెనీ పేరు, దాని చిరునామా. సంపాదించిన తేదీ అడుగుతుంది కాబట్టి ఒక్కో వెస్టింగ్‌కు ఒక్కో వరస రాయడం శుభ్రం. ఏడాదికి నాలుగు విడతలు వచ్చేవాళ్లకు ఇది పెద్ద చిట్టా అవుతుంది. ఆఫీసులో ఒక స్నేహితుడికి 38 వరసలొచ్చాయి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మా వాడికి రెండే వరసలు. మొదటిది 2023 ఫిబ్రవరి 15న చేతికొచ్చిన 30 షేర్లు, ఆ రోజు ధర 140 డాలర్లు.

మొదటి విలువ: 30 × 140 = 4,200 డాలర్లు, 82 చొప్పున 3,44,400 రూపాయలు.

గరిష్ఠ విలువ దగ్గర ఆగి ఆలోచించాలి. 2024లో ఆ షేరు అత్యధికంగా పోయింది నవంబరు 8న, 220 డాలర్లకు. మా వాడు గబుక్కున అదే తేదీ పట్టుకుని, ఆ రోజుకు చేతిలో ఉన్న 14 షేర్లతో గుణించి 3,080 డాలర్లు వేశాడు. తప్పు. మార్చి 20న అమ్మకముందు చేతిలో 30 షేర్లున్నాయి. అప్పటిదాకా అత్యధిక ధర మార్చి 7న 190. ముప్పైని 190తో గుణిస్తే 5,700. ధర నవంబరులో ఎక్కువైనా, ఆస్తి విలువ ఎక్కువగా ఉన్నది మార్చిలో. ఏడాది మధ్యలో అమ్మినవాళ్లు అమ్మకానికి ముందు ఒక గరిష్ఠం, తర్వాత ఒక గరిష్ఠం విడివిడిగా వేసుకుని పెద్దది రాయాలి.

గరిష్ఠ విలువ: 5,700 × 83 = 4,73,100 రూపాయలు.
ముగింపు విలువ: 14 షేర్లు, ఒక్కోటి 210 డాలర్లు, 2,940 × 85 = 2,49,900 రూపాయలు.
అమ్మకం డబ్బు: 16 షేర్లు 187.50 చొప్పున 3,000 డాలర్లు, 83తో 2,49,000 రూపాయలు.

అమ్మకం గడిలో వచ్చిన మొత్తం డబ్బు రాయాలి, లాభం కాదు. ఏడాదిలో అన్నీ అమ్మేసినా వరస తీసెయ్యకూడదు, ముగింపు విలువ సున్నా పెట్టాలి. జనవరి 2న అమ్మేసినా అంతే.

డివిడెండు మూడు నెలలకోసారి షేరుకు అర డాలరు. మార్చి 8న 30 షేర్లకు 15 డాలర్లు, తర్వాత జూన్, సెప్టెంబరు, డిసెంబరుల్లో 14 షేర్లకు ఏడేసి చొప్పున 21. మార్చిది 83తో, మిగతావి 84తో వేస్తే 1,245, 1,764, కలిపి 3,009 రూపాయలు. ఇక్కడ ఒక కిటుకుంది. బ్రోకర్ ఖాతాలో నిజంగా పడింది 36 డాలర్లు కాదు, 27. మనవాళ్ల డివిడెండు మీద అమెరికాలో ఒప్పందం ప్రకారం 25 శాతం ముందే పట్టుకుంటారు. ఫారం అడిగేది "గ్రాస్", అంటే పట్టుకోకముందు మొత్తం. చేతికొచ్చిన 27 రాస్తే తప్పు.

రెండో వరస 2024 ఫిబ్రవరి 15నాటిది. ఇచ్చింది 20 షేర్లు, ధర 180. పన్ను కోసం కంపెనీయే 6 షేర్లు ఆపుకుని 14 ఇచ్చింది. కాబట్టి ఆస్తిగా రాసేది 14: 2,520 × 83 = 2,09,160 రూపాయలు. కొన్ని కంపెనీలు ఇలా ఆపుకోకుండా, 20 మీ ఖాతాలో వేసి అదే రోజు 6 అమ్ముతాయి. అప్పుడు 20 రాసి, ఆరింటి అమ్మకాన్ని అమ్మకం గడిలో చూపాలి. మీ కంపెనీ ఏది చేస్తోందో వెస్టింగ్ పత్రంలో ఉంటుంది. ఈ 14 అమ్మలేదు కాబట్టి గరిష్ఠం సూటిగా నవంబరు 8దే: 3,080 × 84 = 2,58,720. ముగింపు పైదాంతో సమానం. డివిడెండు 2,345.

మొదటి విలువ విషయంలో ఒక మాట. "నేను పైసా పెట్టలేదు, ఊరికే ఇచ్చారు" అని సున్నా వేసేవాళ్లున్నారు. వెస్ట్ అయిన రోజు విలువను మీ జీతంలో కలిపి పన్ను వేశారు. అదే మీ పెట్టుబడి. రేపు అమ్మినప్పుడు లాభం లెక్కకట్టేదీ దాని మీదే.

A2 సంగతి

A2 కస్టోడియల్ ఖాతాలది, అంటే మీ షేర్లను మీ తరఫున దాచిపెట్టే బ్రోకర్ ఖాతా. షేర్లను A3లో రాశాక ఖాతాను మళ్లీ ఇక్కడ రాయాలా అన్నదానిమీద ఆడిటర్లలోనే రెండు మాటలున్నాయి. కొందరు షేర్లు A3లో చాలంటారు, కొందరు రెండూ రాయిస్తారు. నేను రెండూ రాయించే పక్షం. బ్రోకర్ ఖాతాకంటూ నంబరుంది, అందులో డివిడెండు నగదు కూడా ఉంటుంది, పైగా అవతలి నుంచి మన శాఖకు సమాచారం వచ్చేది ఖాతా నంబరుతోనే. ఒకే షేర్లు రెండు పట్టికల్లో కనపడినా పన్ను రెండింతలవదు.

మా వాడికి ఖాతా మొత్తం గరిష్ఠం మార్చి 7న: రెండు విడతల షేర్లూ కలిపి 44, 190 చొప్పున 8,360 డాలర్లు, 6,93,880 రూపాయలు. ముగింపులో 28 షేర్ల విలువ 5,880కి, ఏడాదంతా కదపని డివిడెండు నగదు 48 కలిపి 5,928 డాలర్లు, 5,03,880 రూపాయలు.

ఇల్లు, పొలం లాంటివి C పట్టికలో, మీవి కాకపోయినా సంతకం చేసే అధికారమున్న ఖాతాలు E పట్టికలో వస్తాయి. మా వాడికి అవి లేవు.

ఆదాయం వేరే చోట

A1 నుంచి A3 దాకా నింపితే ఆదాయం చూపినట్టు కాదు. అక్కడ రాసిన డివిడెండు, వడ్డీ పన్ను లెక్కలోకి వెళ్లవు. వాటిని ఇతర ఆదాయాల షెడ్యూల్‌లోనూ Schedule FSIలోనూ మళ్లీ రాయాలి, ఈసారి ఏప్రిల్ నుంచి మార్చి లెక్కన. మా వాడికి 2024 మార్చి డివిడెండు ఇందులో రాదు, 2025 మార్చిది వస్తుంది.

రేటు కూడా మారుతుంది. డివిడెండు ఆదాయానికి ఏ నెలలో వచ్చిందో దానికి ముందు నెల చివరి రోజు టీటీ బయింగ్ రేటు వాడాలని రూల్ 115 చెబుతుంది. జూన్ 7 డివిడెండుకు మే 31 రేటన్నమాట. అందుకని Schedule FAలో డివిడెండుకూ Schedule FSIలో డివిడెండుకూ అంకెలు కలవవు. కలవాలని కూర్చోబెట్టి సర్దకండి, కలవకపోవడమే సరైన లెక్క.

అమెరికాలో పట్టుకున్న 25 శాతాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవాలంటే Schedule TR నింపాలి, పోర్టల్‌లో Form 67 విడిగా వెయ్యాలి. దానికి బ్రోకర్ ఇచ్చే 1042-S పత్రం ఆధారం. అది కూడా క్యాలెండర్ ఏడాదిదే కాబట్టి రెండేళ్ల పత్రాలు కావాలి.

మా వాడికి డివిడెండు మీద కట్టాల్సిన పన్ను, వడ్డీతో కలిపి ఒక సినిమాకు కుటుంబంతో వెళ్లొచ్చినంత తేలింది. Form 67 ముందు వేసి, పన్ను కట్టి, చలానా వివరాలు చేర్చి, రివైజ్డ్ రిటర్ను పంపించాం. ఆధార్ ఓటీపీతో అప్పుడే ఈ-వెరిఫై చేయించాను. 30 రోజుల్లో వెరిఫై చేయకపోతే ఇంత కష్టమూ గడువు దాటిపోతుంది. ఆ తర్వాత వాడు మూడో విడత వెస్టింగ్ పత్రం తీసి, దాని మీద "వచ్చే ఏడు, A3" అని పెన్నుతో రాసుకున్నాడు.